మేనల్లుడికి అమ్మమ్మ గొంతుతో ఓ పుస్తకం

నమస్తే అండీ. అమెరికాలో పెరుగుతున్న మేనల్లుడికి ఏం పంపాలంటే అందరూ చెప్పేది అక్షరాల చార్టు, పెద్ద బాలశిక్ష, ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకులు రెండ్రోజుల్లో అయిపోతాయి, చార్టు గోడకి అలా ఉండిపోతుంది. ఈ వీడియోలో వాళ్ల అమ్మమ్మ గొంతు వినిపించే పది పేజీల చిన్న పుస్తకం ఎలా చెయ్యాలో చూపిస్తాను. మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు, ఏడేళ్లు. తెలుగు వింటే అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లిషులో వస్తుంది, చదవడం అసలు రాదు. అలాంటి పిల్లలకి ముందు చెవి, తర్వాతే అక్షరం.

ముందు కథ. అమ్మ ముందు ఫోన్ పెట్టి "ఏదైనా కథ చెప్పమ్మా" అన్నారంటే అయిపోయిందండీ, "నాకేం కథలొచ్చురా" అని వంటింట్లోకి వెళ్లిపోతుంది. కథ అడగొద్దు, వస్తువుల గురించి అడగండి. మాది కోనసీమలో ఏటి ఒడ్డు ఊరు కాబట్టి నేను 1986 ఆగస్టు వరద తీసుకున్నాను. "నీళ్లు వస్తున్నాయని తెలిశాక బియ్యం ఎక్కడ పెట్టారు?" అన్నాను, అంతే. బియ్యం డబ్బాలు అటక మీదకి ఎక్కించడం, గేదెల పలుపులు విప్పి ఏటిగట్టు మీదకి తోలడం, గట్టు మీదే రాత్రంతా కూర్చోవడం, పక్కింటావిడ కోడిపెట్టని చీర కొంగులో చుట్టుకుని రావడం, ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. ఏడేళ్లవాడికి ఆ కోడిపెట్ట చాలు.

రికార్డింగుకి ఫోన్లో ఉన్న వాయిస్ రికార్డర్ సరిపోతుంది. ఫ్యాన్ ఆపండి, వినేటప్పుడు గాలి మోత గొంతుని మింగేస్తుంది. ఫోన్‌ని మడత పెట్టిన తువ్వాలు మీద, ఆవిడకి మూర దూరంలో పెట్టి ఏరోప్లేన్ మోడ్ ఆన్ చెయ్యండి, లేకపోతే మంచి చోటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వీధి కాస్త సద్దుమణుగుతుంది, మీ ఊళ్లో ఎప్పుడో మీకే తెలుస్తుంది. ఆవిడ "ఎల్లిపోయాం" అంటే "వెళ్లిపోయాం" అని సరిదిద్దకండి. వాడు వీడియో కాల్లో వినేది ఆ మాటే.

తర్వాత రికార్డింగుని పేజీకి అర నిమిషం చొప్పున ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్క లోంచి రెండు వాక్యాలే తీసి ఆవిడ అన్నది అన్నట్టు రాయండి. కింద ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయొద్దు అని నా గట్టి అభిప్రాయం. రాశారా, పిల్లాడి కన్ను అక్కడికే పోతుంది, పైనున్న తెలుగు వరస బొమ్మైపోతుంది.

ఇక ప్రింటింగ్, అసలు టెన్షన్ ఇక్కడే. మన దగ్గర చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత రకం ఫాంట్లలో కొడతారు. మీరు ఫోన్లో మామూలుగా, అంటే యూనికోడ్‌లో టైప్ చేసింది వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి, లేదా వత్తులు విడిపోతాయి. అందుకని ఇంట్లోనే గూగుల్ డాక్స్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో, 24 సైజులో పేజీలు చేసి, పీడీఎఫ్‌గా దించి, ఆ ఫైలే ఇవ్వండి. మొత్తం ప్రింట్ తీసే ముందు ఒక్క పేజీ తీయించి "అమ్మమ్మ", "గట్టు" లాంటి మాటలు చూడండి. వత్తు తన చోట కాకుండా విడిగా నిలబడి ఉంటే ఆపేయండి.

ఆడియోకి ప్రతి పేజీలో ఓ క్యూఆర్ కోడ్. ముక్కల్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, షేరింగ్‌లో Anyone with the link ఎంచుకోండి. ఇది మరిచిపోతే అక్కడ పిల్లాడు స్కాన్ చేసినప్పుడు పర్మిషన్ అడుగుతుంది, ఆ టైముకి మీరు నిద్రలో ఉంటారు. మీ జీమెయిల్ లేని వేరే ఫోన్‌తో స్కాన్ చేసి చూస్తే ముందే తెలిసిపోతుంది. కోడ్ చేసేటప్పుడు స్టాటిక్ రకమే చెయ్యండి, అందులో లింకు నేరుగా ఉంటుంది. డైనమిక్ కోడ్ ఆ వెబ్‌సైట్ మీదుగా తిరిగి వెళ్తుంది, ఫ్రీ గడువు అయిపోతే పుస్తకం మూగబోతుంది. డ్రైవ్‌లో ఫైలు తీసేసినా అంతే, అందుకే ఆడియోలన్నీ ఓ పెన్‌డ్రైవ్‌లో వేసి పుస్తకంతో పాటే పంపండి.

చివరి పేజీలో కథ పూర్తి చెయ్యకండి. "కోడిపెట్ట ఏమైందో అమ్మమ్మని అడుగు" అని ఒక్క వాక్యం, కింద బొమ్మ వేసుకోవడానికి ఖాళీ. మనకి ఆదివారం పొద్దున్న ఏడు అంటే డాలస్‌లో శనివారం రాత్రి, వేసవిలో ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. కాఫీ తాగి అమ్మ ఖాళీగా ఉండే టైమదే, ఆ వేళని పేజీ అడుగున రాసి పెట్టండి. ఫోన్ మాత్రం వాణ్ణే చెయ్యనివ్వండి.