బిల్లు సున్నాగానే ఉండాలి, మీటరు మాత్రం ఉండాలి

అధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు, ఎదుటి పక్షం మిత్రులకు నమస్కారం.

వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించాలా వద్దా అన్నది ఇవాళ్టి అంశం. నేను బిగించాలనే వైపు మాట్లాడుతున్నాను. అయితే మా వాదన హద్దులు ముందే చెప్పేస్తాను, తర్వాత అటూ ఇటూ జరగకుండా. ఉచిత కరెంటు ఉండాలి. రైతు చేతి నుంచి ఒక్క రూపాయి కూడా పోకూడదు. ప్రతి మోటారుకీ మీటరు ఉండాలి, ఆ రీడింగు ప్రకారం డబ్బు ప్రభుత్వం నేరుగా కరెంటు పంపిణీ చేసే సంస్థకి, అంటే డిస్కంకి కట్టాలి. రైతు ఖాతాలో వేసి, ఆయన చేత కట్టించే పద్ధతిని నేను సమర్థించడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలుపెట్టిన నగదు బదిలీ ఆ పద్ధతే. దాన్ని తిట్టాలనుకుంటే మీతో పాటు నేనూ తిడతాను.

మొదటి వాదన లెక్కది. వ్యవసాయానికి ఏటా ఎంత కరెంటు పోతోందో ఎవరైనా చెబితే, అది కొలిచిన సంఖ్య కాదు, అంచనా. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచుకుని, వాటికి మీటర్లు పెట్టి, ఆ సగటును మొత్తం జిల్లాకు పరిచేస్తారు. ఇందులో చిక్కు ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. డిస్కం 100 యూనిట్లు కొన్నదనుకోండి. ఇళ్లు, షాపులు, ఫ్యాక్టరీల మీటర్లలో 65 తేలాయి. మిగిలిన 35లో వ్యవసాయం ఎంత, లైన్లలో పోయినది ఎంత, దొంగతనం ఎంత? వ్యవసాయం 20 అని రాస్తే నష్టం 15. వ్యవసాయం 25 అని రాస్తే నష్టం 10కి దిగిపోతుంది, డిస్కం పనితీరు బాగుపడినట్టు కనిపిస్తుంది. కాగితం మీద గీత కాస్త జరిపితే చాలు. ఊళ్లో ఎవడో కొక్కెం వేసి వాడుకున్న కరెంటు కూడా రైతు పద్దులోకే వస్తుంది. తర్వాత టీవీ చర్చల్లో ‘రైతులే కరెంటంతా తాగేస్తున్నారు’ అని వినేది ఆ రైతే. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వదలిస్తే ఆ డబ్బు డిస్కంకి ముందే కట్టాలి. ఎంత కట్టాలో కొలతే లేకపోతే, ఇద్దరూ ఏళ్ల తరబడి బాకీ లెక్కల మీద కొట్టుకుంటారు.

రెండోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, అందుకే ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. పొలం గట్టున ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసుకోండి. ఐదు హెచ్‌పీ మోటారు ఒకటి నడుస్తున్నప్పుడు దాని మీద పడే భారం ఇంచుమించు 6 కేవీఏ. అంటే నాలుగు మోటార్లతో అది నిండిపోయినట్టే. ఆ నలుగురూ డీడీలు కట్టి కనెక్షన్ తీసుకున్నవాళ్లే. రెండేళ్లలో నీళ్లు కిందకి దిగాయి, ఒకాయన ఐదు తీసేసి ఏడున్నర హెచ్‌పీ దించాడు. పక్క చేలో కొత్తగా రెండు బోర్లు పడ్డాయి, కనెక్షన్ మంజూరు కాకముందే తీగలు తగిలించారు. ఇప్పుడు భారం 40 కేవీఏకి దగ్గర. ఎండాకాలం వరికి అందరూ ఒకేసారి స్టార్టర్ నొక్కుతారు. ఫ్యూజు కాలిపోతుంది. మళ్లీ మళ్లీ కాలుతుంటే విసుగొచ్చి మందపాటి తీగ చుట్టేస్తారు. అక్కడితో ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఉన్న రక్షణ పోయింది. నూనె వేడెక్కుతుంది, లోపల వైండింగ్ కాలుతుంది.

అది కాలడానికి ముందే లైను చివరి రైతుకు సంగతి తెలుస్తుంది. ఆయన మోటారు గుంయ్‌మంటుంది తప్ప తిరగదు. వోల్టేజీ పడిపోయిన కొద్దీ మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, చివరికి దాని వైండింగ్ కూడా పోతుంది. బోరులోంచి మోటారు పైకి తీయడానికి, రీవైండింగ్‌కి, మళ్లీ దించడానికి అయ్యే ఖర్చు ఉచిత కరెంటులో లేదు. ఇది ఉచితం అనుకోవడమే నాకు నవ్వొస్తుంది.

మీటరు ఏం చేస్తుంది? నేటి ఎలక్ట్రానిక్ మీటరు యూనిట్లతో పాటు గరిష్ఠ లోడు, వోల్టేజీ, కరెంటు ఏ గంటలో వచ్చి ఏ గంటలో పోయిందో కూడా నమోదు చేయగలదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకటి, మోటార్ల దగ్గర తలా ఒకటి ఉంటే, పై లెక్కకూ కింది లెక్కకూ తేడా వచ్చిన చోట అనధికార లోడు ఉందని తెలుస్తుంది. అక్కడ 25 తీసి 40 గానీ 63 గానీ కేవీఏ పెట్టాలని అడగడానికి ఆధారం దొరుకుతుంది. పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తామన్నారు, ఇచ్చారా? పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని 48 గంటల్లో మార్చాలి, మార్చారా? ఇప్పుడు రైతు మాటకి ఎదురుగా లైన్‌మన్ మాట ఉంటుంది, ఎవరి మాట నిలుస్తుందో మీకు తెలుసు. రీడింగు ఉంటే మాటల అవసరం ఉండదు.

మూడోది నీళ్ల గురించి. మీటరు లేని చోట నీళ్లు పొదుపు చేసినవాడికి దక్కేది ఏమీ లేదు. రాత్రి కరెంటు రాగానే ఆటోస్టార్టర్ దానంతట అదే మోటారు వేస్తుంది, మడి నిండి పొర్లుతున్నా ఆపేవాడుండడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. పంజాబ్‌లో అదే ఏడాది మరో దారి పట్టారు. ‘పానీ బచావో పైసా కమావో’ పేరుతో, ఇష్టపడిన రైతుల మోటార్లకు మీటర్లు పెట్టి, కోటాలో మిగిల్చిన ప్రతి యూనిట్‌కీ నాలుగు రూపాయలు ఖాతాలో వేశారు. అక్కడ కరెంటు ఉచితమే, మీటరు వచ్చినా బిల్లు రాలేదు. కొన్ని ఫీడర్లకే పరిమితమైన ప్రయోగం కాబట్టి దాన్ని పెద్ద విజయమని నేను చెప్పను. మీటరుతో పాటు బిల్లు వచ్చి తీరుతుందన్న మాట మాత్రం అక్కడ నిలవలేదు.

ఇక ఎదుటి పక్షం ఏమంటారో కొంత ఊహించగలను. ‘ఇవాళ మీటరు, రేపు బిల్లు’ అంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీలకు వ్యతిరేకంగా నిలబడ్డవాళ్ల మీద తుపాకులు పేలిన రాష్ట్రం మనది. 2004లో ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడిందంటే దాని వెనక ఆ కోపం ఉంది. కాబట్టి మీటరు పెట్టే ఉత్తర్వులోనే రెండు వాక్యాలు ఉండాలంటాను: బిల్లు రైతు పేరు మీద రాదు, ప్రభుత్వం బాకీ పడ్డా రైతు కనెక్షన్ తీయరు. ఆ రెండూ లేకపోతే నేను మీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటాను.

ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్క మీటరు చాలదా అని కూడా అడగవచ్చు. ఇది మీ వాదనల్లో గట్టిది, ఖర్చు తగ్గుతుంది కూడా. మొదటి వాదనకు అది చాలావరకు సరిపోతుందని ఒప్పుకుంటాను. మూడో వాదనకు చాలదు, ఎందుకంటే పొదుపు చేసిన రైతు ఎవరో దానికి తెలియదు. రెండోదానికి సగమే పనికొస్తుంది. లోడు ఎక్కువైందని చెబుతుంది, ఎక్కడ ఎక్కువైందో చెప్పదు.

పొలాల్లో మీటరు పెట్టెలు పగలడం, దొంగలు ఎత్తుకుపోవడం, ఎండకు వానకు పాడవడం, వాటి బాధ్యత ఎవరిదన్నది నేను ముట్టుకోలేదు. కావాలనే మీకు వదిలాను, జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు దాచుకున్నాను. అయితే మీరు ఒకటి చెప్పాలి. మీటరు లేకుండా, ఆ 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చివరి రైతు తనకు ఎన్ని గంటలు, ఎంత వోల్టేజీతో కరెంటు వచ్చిందో ఎవరి ముందు ఎలా రుజువు చేసుకుంటాడు?