అమ్మకాలు ఎక్కువున్న నెలలోనే ఖాతా ఖాళీ: ఫోన్-ఇన్

యాంకర్: తర్వాతి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. మేము గొడుగులు, రెయిన్‌కోట్లు కుట్టించి షాపులకు వేస్తాం. సీజన్‌లో లాభమే. కానీ ప్రతి ఏడూ సరిగ్గా సీజన్ మధ్యలో చేతిలో డబ్బుండదు. ఈసారి ముందే బ్యాంకులో ఓడీ, అంటే ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్, అడుగుదామనుకుంటున్నాను. ఎంత అడగాలో తెలియడం లేదు.

నిపుణుడు: నమస్కారం అమ్మా. అంకెలు దగ్గరున్నాయా? వేలల్లో చెప్పండి చాలు.

కాలర్: ఉన్నాయండి. అమ్మకాలు మేలో 200, జూన్‌లో 500, జూలైలో 400, ఆగస్టులో 100. మిగతా నెలల్లో 40 చొప్పున. జూన్‌లో లాభం బాగుంటుంది కదా, అందుకే ఆ నెలకు ఓడీ అక్కర్లేదని రాసుకున్నాను.

నిపుణుడు: అక్కడే పొరపాటు జరిగింది. మీరు బిల్లు వేసిన నెలలో డబ్బు రాశారు. షాపులవాళ్లు ఎప్పుడిస్తారు?

కాలర్: నెల తర్వాత.

నిపుణుడు: మరి గుడ్డకు, ఊచలకు మీరెప్పుడు కడతారు?

కాలర్: అమ్మకానికి ముందు నెలలోనే. అమ్మకం విలువలో సగం సరుకు ఖర్చే. అద్దె, జీతాలు, నేను ఇంటికి తీసుకునేది కలిపి నెలకు 40.

నిపుణుడు: ఇంటి ఖర్చు కలిపారు, మంచిది. చాలామంది అది వదిలేస్తారు. ఇప్పుడు డబ్బు చేతికొచ్చే నెలలో, చేతి నుంచి పోయే నెలలో రాద్దాం. ఏప్రిల్ మొదట్లో ఖాతాలో ఎంతుంటుంది?

కాలర్: 150.

నిపుణుడు: ఏప్రిల్‌లో మార్చి బాకీ 40 వస్తుంది. మే సరుకుకు 100, నెల ఖర్చు 40 పోతాయి. మిగిలేది 50. మేలో వచ్చేది 40, పోయేది జూన్ సరుకుకు 250, ఖర్చు 40. నెలాఖరుకు 200 లోటు. జూన్‌లో మే బాకీ 200 వస్తుంది. జూలై సరుకుకు 200, ఖర్చు 40 పోతాయి. లోటు 240 అవుతుంది. జూలైలో జూన్ బాకీ 500 చేతికొస్తుంది, ఆగస్టు సరుకుకు 50, ఖర్చు 40 కలిపి పోయేది 90. అప్పుడు 170 మిగులు.

కాలర్: అంటే ఎక్కువ అమ్మే జూన్‌లోనే ఎక్కువ లోటా!

నిపుణుడు: అవునమ్మా. అమ్మకం పెరుగుతున్నంత కాలం సరుకు డబ్బు ముందు పోతుంది, వసూలు వెనక వస్తుంది.

యాంకర్: అయితే 240 ఓడీ అడిగితే సరిపోతుందా సార్?

నిపుణుడు: సరిపోదు. 240 అనేది నెలాఖరు అంకె. అమ్మా, జూన్‌లో సరుకువాడికి, జీతాలకు ఏ తారీఖున కడతారు?

కాలర్: అన్నీ పదో తారీఖు లోపే. షాపుల డబ్బు ఇరవై ఐదు దాటాకే వస్తుంది.

నిపుణుడు: చూశారా? మే ఆఖరుకే 200 లోటు. దానిమీద పదో తారీఖుకు మరో 240. అంటే ఆ రోజు 440 లోటు. నా వృత్తి మొదట్లో ఒకరికి నెలాఖరు అంకెలు మాత్రమే చూసి ఓడీ పరిమితి చెప్పాను. ఆయన జీతాల చెక్కు నెల మధ్యలో వెనక్కొచ్చింది. ఆ సంగతి నేనింకా మర్చిపోలేదు. అందుకే లోటు కనిపించే నెలలను వారాలుగా విడగొట్టి చూడండి. మిగతా నెలలకు అంత శ్రమ అక్కర్లేదు.

కాలర్: ఎవరైనా లేటుగా ఇస్తే?

నిపుణుడు: అదీ వేసి చూద్దాం. జూన్‌లో రావాల్సిన 200లో సగం జూలై ఆఖరుకు జారిందనుకోండి. జూన్ ఆఖరుకు లోటు 340. జూలై పదికి మరో 90 కడతారు, 430 అవుతుంది. 440 లోపే ఉన్నా పది వేలే తేడా. కాబట్టి 500 పరిమితి అడగండి. సాధారణంగా ఓడీలో వాడుకున్నంత వరకే, వాడిన రోజులకే వడ్డీ. అయితే కొన్ని బ్యాంకులు పరిమితి మీద కూడా ఫీజు తీసుకుంటాయి, అడిగి తెలుసుకోండి. ఈ పట్టిక చూపిస్తే జూలై ఆఖరుకు ఓడీ తీరిపోతుందని వాళ్లకూ కనిపిస్తుంది. ఏడాది పొడవునా ఖాతా లోటులోనే ఉంటే మాత్రం అది సీజన్ సమస్య కాదు. దానికి ఓడీ మందు కాదు.

కాలర్: ఆగస్టులో ఎంత మిగులుతుంది సార్? కొత్త కుట్టు మిషన్ ఒకటి కొనాలని ఉంది, 300 అవుతుంది.

నిపుణుడు: 170కి జూలై బాకీ 400 కలిసి, సరుకుకు 20, ఖర్చు 40 కలిపి 60 పోతే 510. సెప్టెంబర్‌లో ఆగస్టు బాకీ వచ్చాక 550. ఆ తర్వాత నెలకు 40 వసూలు, 60 ఖర్చు, అంటే నెలకు 20 చొప్పున కరుగుతూ మార్చి ఆఖరుకు 430 ఉంటుంది. మిషన్ కొంటే 130తో సీజన్ మొదలుపెడతారు. ఈసారి 150తో మొదలుపెట్టారు కదా, వచ్చే జూన్ పదికి లోటు 20 పెరిగి 460 అవుతుంది. కొనకపోతే లోటు 160తో సరిపోతుంది. మిషన్ వల్ల కుట్టు కూలి ఎంత తగ్గుతుందో అదే పట్టికలో వేసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

కాలర్: ఈ రాత్రికే కూర్చుని వేస్తానండి.