బట్టీ పొగకు వెల కట్టడం: ఒక విద్యార్థిని సందేహం

(విజయవాడ స్టూడియో నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఒక భాగం)

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని లైనులో ఉన్నారు. అడగండమ్మా.

విద్యార్థిని: నమస్కారం మేడమ్. ఒకరి పనివల్ల కలిగే నష్టం ఇతరుల మీద పడే బాహ్యతలున్న చోట కాలుష్యంపై పన్ను వేస్తే మార్కెట్టు లోపం సరవుతుందని పాఠంలో ఉంది. పన్ను కట్టిన తర్వాత కూడా పొగ వస్తూనే ఉంటే అది సరైనట్లు ఎలా అవుతుంది?

అధ్యాపకురాలు: నూజివీడు వైపు ఒక మామిడితోట పక్కన ఇటుకబట్టీ ఉందనుకుందామమ్మా. బట్టీ పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ వంటి వాయువులు సోకితే కాయ కొన నల్లబడి ధర పడిపోతుంది. ఇక లెక్క కోసం కొన్ని అంకెలు ఊహిద్దాం. లోడు ఇటుకలు 6,500 రూపాయలకు అమ్ముడవుతాయి. యజమానికి మొదటి లోడుకు 3,000, రెండోదానికి 4,000, మూడోదానికి 5,000, నాలుగోదానికి 6,000, అయిదోదానికి 7,000 రూపాయల ఖర్చవుతుంది. అతడు ఎన్ని లోడులు కాలుస్తాడు?

విద్యార్థిని: నాలుగు. అయిదోదానిలో నష్టం వస్తుంది.

అధ్యాపకురాలు: ప్రతి లోడుకూ తోట రైతుకు 1,000 రూపాయల నష్టం కలుగుతుందనుకుంటే, నాలుగో లోడు యజమానికి 500 మిగిల్చి, రైతుకు 1,000 పోగొడుతుంది. ఇద్దరినీ కలిపి చూస్తే 500 నష్టమే అయినా, రైతు నష్టం బట్టీ ఖాతాలోకి రాదు కనుక ఆ లోడు కాలుతూనే ఉంటుంది. లోడుకు 1,000 పన్ను వేస్తే యజమానికి చేతికందేది 5,500 మాత్రమే కాబట్టి, అతడు తనంతట తానే మూడింటి దగ్గర ఆగిపోతాడు. ఆ మూడింటి పొగ మిగిలే ఉన్నా, ఒక్కొక్కటీ తాను కలిగించే నష్టం కంటే ఎక్కువ విలువనే ఇస్తోంది. పొగ ఇంకా బాగా తగ్గాలని 3,000 పన్ను వేస్తే మొదటి లోడు ఒక్కటే నిలిచి, మేలు చేసే రెండు లోడులు కూడా ఆగిపోతాయి. 1920లో ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ వివరించిన పన్ను తర్కం ఇదే.

విద్యార్థిని: అయితే ఇటుకల మీద పన్ను వేస్తే చాలునా?

అధ్యాపకురాలు: చాలామంది పొరబడేది అక్కడే. పన్ను ఇటుక మీద ఉంటే, పొగ తగ్గించే జిగ్‌జాగ్ బట్టీకి మారిన యజమానికీ పాతదానితో నెట్టుకొచ్చే యజమానికీ ఒకే భారం పడుతుంది కనుక, మారాలన్న ఆసక్తి ఎవరికీ పుట్టదు. పన్ను పొగ మీదే పడాలి. కానీ ప్రతి బట్టీ పొగనూ కొలవడం కష్టం, ఖర్చుతో కూడిన పని. అందుకే ప్రభుత్వాలు తరచు ఇంధనం మీద పన్ను వేస్తాయి. మన దేశంలో 2010లో టన్ను బొగ్గుపై 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016 నాటికి 400కు చేరింది. అయితే బొగ్గు పన్ను బొగ్గు వాడకాన్ని తగ్గించగలదే తప్ప, అంతే బొగ్గు కాలుస్తూ పొగగొట్టానికి వడపోత పరికరం బిగించినవారికి అందులో ఏ మినహాయింపూ దొరకదు.