సరుకు లారీ ఎక్కకముందు ఫ్యాక్టరీని అడగవలసినవి

సభకు నమస్కారం. రెడీమేడ్ వ్యాపారంలో ఉన్న మీకు తిరుప్పూరు కొత్త ఊరు కాదు. అక్కడి యూనిట్‌కు ఆర్డరు ఇచ్చి, ముప్పై శాతం అడ్వాన్సు కట్టి, సరుకు తయారైందన్న ఫోను రాగానే మిగిలిన డబ్బు పంపడం మనలో చాలామందికి అలవాటు. ఫోనుకూ డబ్బుకూ మధ్య జరగవలసిన తనిఖీ గురించి, దాన్ని ఫ్యాక్టరీని ఏ మాటలతో, ఎప్పుడు అడగాలన్న దాని గురించి ఈ రోజు మాట్లాడతాను.

అడగడానికి మనకు చట్టం అండ ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, సరుకు అప్పగించే సమయంలో కొనుగోలుదారు కోరితే దాన్ని పరీక్షించుకోవడానికి తగిన అవకాశం అమ్మకందారు ఇవ్వాలి. ఇందులో 'కోరితే' అన్న షరతును గమనించండి. కోరనివారికి ఎవరూ పిలిచి చూపించరు. పైగా ఆ చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం, సరుకు చేరాక తిరస్కరిస్తున్నామని చెప్పకుండా తగిన గడువు దాటేదాకా మన దగ్గరే ఉంచుకుంటే, దాన్ని మనం అంగీకరించినట్టే లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పాఠశాలకు నాలుగు హౌసుల పేరిట ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో కాలర్ టీషర్టులు కావాలి. రంగుకు 750 చొప్పున మొత్తం 3,000. బట్ట 180 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 180 గ్రాములు తూగే కాటన్. కార్టన్‌కు 60 చొప్పున 50 కార్టన్లు. 'క్వాలిటీ చూసి పంపండి' అని మనం అంటే, 'చూసే పంపుతాం సార్' అని వాళ్లంటారు. ఇద్దరూ నిజాయితీగానే అని ఉండవచ్చు, కానీ ఏది చూస్తారో, ఎన్ని చూస్తారో, ఎన్ని చెడితే ఆపుతారో ఇద్దరికీ తెలియదు.

ముందుగా అడగవలసింది తేదీలు. డైయింగ్ నుంచి బట్ట ఎప్పుడు వస్తుంది, కుట్టు ఎప్పుడు మొదలవుతుంది, సరుకంతా కుట్టడం పూర్తయి కనీసం 80 శాతం కార్టన్లలో సర్దేసిన రోజు ఏది, లారీ బయలుదేరేది ఎప్పుడు. తుది తనిఖీ ఆ మూడో తేదీకీ నాలుగో తేదీకీ మధ్య జరగాలి. సగమే సర్దినప్పుడు వెళితే చూడని సగంలో ఏముందో తెలియదు. లారీ వచ్చి నిలబడ్డాక వెళితే, తప్పు దొరికినా సరిదిద్దే వ్యవధి ఉండదు కాబట్టి ఎవరూ ఆపరు. అందుకే ఆ రెండు తేదీల మధ్య కనీసం నాలుగైదు రోజులు ఖాళీ కావాలని మొదటి ఉత్తరంలోనే రాయాలి. బట్ట కుదించుకుపోవడం, రంగు దిగడం వంటివి ఉతికి ఆరబెడితే గాని తేలవు. బట్ట డైయింగ్ నుంచి రాగానే, కత్తెర పడకముందే, ఆ పరీక్షల ఫలితాలు పంపాలని అడగాలి. కుట్టేశాక ష్రింకేజ్ ఎనిమిది శాతమని తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

ఇక అంగీకార ప్రమాణం. ఈ రంగంలో సాధారణంగా వాడేది ఐఎస్ఓ 2859-1 పట్టిక. మన దేశంలో దానికి సాటి ఐఎస్ 2500. సాధారణ రెండో స్థాయి తనిఖీలో 1,201 నుంచి 3,200 దాకా ఉన్న సరుకుకు 125 నమూనాలు తీయాలి. పెద్ద లోపాలకు ఏక్యూఎల్, అంటే అంగీకార నాణ్యత పరిమితి, 2.5గా పెట్టుకుంటే ఏడు దాకా అంగీకారం, ఎనిమిది వస్తే తిరస్కారం. చిన్న లోపాలకు 4.0 పెట్టుకుంటే పది దాకా అంగీకారం, పదకొండుకు తిరస్కారం. విరిగిన సూది ముక్క వంటి ప్రమాదకర లోపం ఒక్కటి కూడా ఉండకూడదు. 2.5 అంటే సరుకులో చెడినవి రెండున్నర శాతానికి మించవన్న హామీ కాదు. నిజానికి ఐదు శాతం చెడిన సరుకు కూడా ఈ పద్ధతిలో పదిసార్లలో సుమారు ఏడుసార్లు నెగ్గుతుంది. ఈ సంగతి తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

అంతకన్నా ముఖ్యమైనది, ఉత్తరాల్లో ఎవరూ రాయనిది, 'లాట్' అంటే ఏమిటన్నది. మన ఉదాహరణలో 3,000 టీషర్టుల్నీ ఒకే లాట్‌గా చూశారనుకోండి. 125 నమూనాల్లో ఏడు పెద్ద లోపాలు దొరికాయి, సరుకు నెగ్గింది. రిపోర్టులో వివరాలు విప్పి చూస్తే ఆ ఏడింటిలో ఆరు ఎరుపు టీషర్టులవే. ఎరుపు నుంచి తీసినవి సుమారు 31 మాత్రమే. అంటే ఎరుపులో దాదాపు ఐదింట ఒకటి చెడిపోయి ఉన్నా, మిగతా మూడు రంగుల మంచితనం దాన్ని కప్పేసింది. ఇందులో వింత లేదు. ఏ రంగు బట్ట ఆ రంగుగా వేరే తొట్టిలో అద్దుతారు, తరచుగా వేరే కుట్టు లైనులో నడుస్తుంది. లోపానికి కారణం ఎక్కడుందో లాట్ సరిహద్దు కూడా అక్కడే ఉండాలి. రంగుకొక లాట్ అనుకుంటే 750కి 80 నమూనాలు, 2.5 దగ్గర ఐదు దాకా అంగీకారం, ఆరుకు తిరస్కారం. మొత్తం 320 చూడాలి కాబట్టి తనిఖీకి ఒక రోజు బదులు రెండు రోజులు పట్టవచ్చు, ఖర్చూ పెరుగుతుంది. మన చేతిలోకి వచ్చే ఫలితం మాత్రం రంగుల వారీగా ఉంటుంది. ఎరుపును ఆపి మిగతా మూడూ పంపమనగలం.

ఏది పెద్ద లోపమో కూడా ముందే తేల్చాలి. రంధ్రం, తెగిన కుట్టు, తప్పు సైజు లేబుల్ గురించి ఎవరూ వాదించరు. వాదన వచ్చేది షేడ్ దగ్గర, కొలతల దగ్గర. ఛాతీ కొలత ఒక సెంటీమీటరు అటూ ఇటూ చెల్లుతుందా, రెండా? షేడ్ తేడాను ట్యూబులైటు కింద చూస్తారా, లైట్ బాక్సులో పగటి వెలుగును పోలిన డి65 వెలుగులో చూస్తారా? దేనితో పోల్చి చూస్తారు? ఇద్దరూ సంతకం చేసిన సీల్డ్ శాంపిల్ ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మన దగ్గర ఉండాలి. జీఎస్ఎం సంగతి తేలిక: గుండ్రటి కట్టర్‌తో వంద చదరపు సెంటీమీటర్ల ముక్క కోసి తూకం వేస్తే 1.8 గ్రాములు రావాలి. ఐదు శాతం తేడా ఒప్పుకుంటే 1.71 నుంచి 1.89 దాకా. టీషర్టును కోయవలసి వస్తుంది గనక, ఆ కోసే ముక్కలు ఎవరి లెక్కలోకి వస్తాయో ముందే చెప్పాలి. ఇది చిల్లర విషయమే, కానీ తనిఖీ రోజు ఫ్లోర్ మీద జరిగే గొడవల్లో సగం ఇలాంటివే.

కార్టన్లను ఎంచుకునేది ఫ్యాక్టరీ మనిషి కాకూడదు. తలుపు పక్కన విడిగా పేర్చి పెట్టిన కార్టన్లు చూపించి 'ఇవి చూడండి సార్' అంటే, అక్కడే ఆగి ప్యాకింగ్ లిస్టులోని నంబర్ల నుంచి తనిఖీదారే ఎంచుకోవాలి. 320 టీషర్టుల్ని ఒకటి రెండు కార్టన్ల నుంచే తీయకుండా, ప్రతి రంగుకూ కనీసం నాలుగు కార్టన్లు విప్పించాలి. ఈ షరతు మీ ఉత్తరంలో ఉంటే అక్కడ ఎవరూ నొచ్చుకోరు.

ఇక ఫలితం తర్వాత ఏం జరుగుతుందన్నది. తిరస్కరిస్తే ఫ్యాక్టరీ ఆ లాట్‌ను మొత్తం ఏరి, సరిచేసి మళ్లీ చూపించాలి. రెండో తనిఖీ ఖర్చు ఫ్యాక్టరీదే అనీ, ఏరినప్పుడు తీసేసిన వాటి స్థానంలో కొత్తవి కుడతారో, ఆ మేరకు బిల్లు తగ్గిస్తారో అనీ రాసుకోవాలి. మిగతా 70 శాతం చెల్లింపును, లారీలోకి లోడింగ్‌ను రిపోర్టు తర్వాత మన దగ్గరి నుంచి వెళ్లే రాతపూర్వక రిలీజుకు ముడిపెట్టాలి. ఆ రిలీజు ఇచ్చే అధికారం మన వైపు ఎవరిదో, ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఇంకెవరిదో పేరుతో సహా ఫ్యాక్టరీకి తెలియజేయండి. లేకపోతే శనివారం సాయంత్రం గోడౌన్ గుమస్తా ఫోనులో అన్న 'సరే'నే రిలీజుగా తీసుకుని, సరుకు లోడు చేసేస్తారు.