బదిలీ ఆర్డరు చేతికొచ్చాక ఏం చూడాలి?

శ్రోతలకు నమస్కారం. కోఠి దగ్గర ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో నేను చాలా ఏళ్లు పనిచేశాను. బదిలీ ఆర్డర్లు టైపు చేయించడం, ఆ తర్వాత వాటి మీద వచ్చే గొడవలు తీర్చడం మా సెక్షన్ పని. ఆర్డరు చేతికి రాగానే అందరూ చేసే పని ఒక్కటే. తన పేరు వెతుక్కుంటారు, పక్కన ఊరి పేరు చూస్తారు, వెంటనే ఇంటికి ఫోన్ చేస్తారు. మిగతా కాగితం ఎవరూ చదవరు. అసలు సంగతులన్నీ ఆ మిగతా కాగితంలోనే ఉంటాయి.

మా సెక్షన్‌లోనే పనిచేసిన ఒకావిడ ఆర్డరు సంగతి చెబుతాను. లెవెల్ 6 ఉద్యోగి, మూల వేతనం 47,600 రూపాయలు. ఆర్డరు మీద మే 20 తేదీ ఉంది. లోపల సారాంశం ఇది: "ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఈ ఉద్యోగిని విశాఖపట్నం రీజియన్‌కు బదిలీ చేసి విజయనగరం కార్యాలయంలో నియమించడమైనది. మే 29 ఏఎన్ నుంచి రిలీవ్ అయినట్టు భావించాలి. టీఏ, జాయినింగ్ టైమ్ నిబంధనల ప్రకారం." ఇంకా కింద, కాపీలు ఎవరెవరికి పంపారో ఒక పట్టిక.

ఆవిడ దగ్గర ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్లు గీశాను. తేదీ, చోటు, డబ్బు, అప్పగింత. ఒక్కో గడిలో ఆర్డరులోని మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి, మన ఊహ కలపకూడదు. ఆర్డరులో లేకపోతే గడి ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీయే మనం వెళ్లి అడగాల్సిన ప్రశ్న.

మొదట తేదీ. మే 20 అన్నది కాగితం పుట్టిన రోజు, అంతే. ఆవిడకు లెక్క మొదలయ్యేది మే 29న. అక్కడ కూడా పక్కనున్న రెండక్షరాలు చూడాలి. ఏఎన్ అంటే మధ్యాహ్నం తర్వాత, ఎఫ్ఎన్ అంటే పూర్వాహ్నం. కేంద్ర ఉద్యోగుల జాయినింగ్ టైమ్ నిబంధనలు 1979 నాటివి. వాటి ప్రకారం పాత చోటు నుంచి కొత్త చోటుకు దూరం వెయ్యి కిలోమీటర్ల లోపు ఉంటే 10 రోజుల గడువు ఇస్తారు. పూర్వాహ్నం చార్జి ఇచ్చేస్తే ఆ రోజు నుంచే లెక్క, మధ్యాహ్నం తర్వాత ఇస్తే మర్నాటి నుంచి. ఆవిడది ఏఎన్ కాబట్టి మే 30 నుంచి జూన్ 8 వరకు పది రోజులు. జూన్ 9న విజయనగరంలో హాజరు కావాలి. ఎఫ్ఎన్ అయి ఉంటే గడువు జూన్ 7తోనే తీరేది. ఒకసారి నేనే ఈ రెండక్షరాలు చూడకుండా లెక్కవేసి ఒకాయనకు ఒకరోజు తక్కువ చెప్పాను. పాపం, సామాను సగం కట్టి పరుగున వెళ్లాడు.

గడువు పూర్తిగా వాడుకోకపోయినా నష్టం లేదు. ఆవిడ జూన్ 3న వెళ్లి చేరితే వాడింది నాలుగు రోజులే అవుతుంది. మిగిలిన ఆరు రోజులు ఈఎల్, అంటే ఆర్జిత సెలవుల ఖాతాలో జమ అవుతాయి. ఆ ఖాతాకు 300 రోజుల గరిష్ఠ పరిమితి మాత్రం ఉంటుంది.

ఇక చోటు. ఆర్డరులో విశాఖపట్నం పేరు ముందుంది. ఆవిడ కూడా "విశాఖే కదా సార్, పర్లేదు" అంది. కానీ పనిచేయాల్సింది విజయనగరంలో. ఈ తేడా సముద్రం చూడ్డానికి ఎంత దూరం వెళ్లాలన్న దానితో ఆగదు, జీతం మీద కూడా పడుతుంది. ఇంటద్దె భత్యం రీజియన్ పేరును బట్టి రాదు, డ్యూటీ చేసే ఊరిని బట్టి వస్తుంది. ఇప్పుడున్న రేట్ల ప్రకారం హైదరాబాదులో మూల వేతనంలో 30 శాతం, విశాఖలో 20 శాతం, విజయనగరంలో 10 శాతం. అంటే ఆవిడకు హైదరాబాదులో వస్తున్న 14,280 రూపాయలు విజయనగరంలో 4,760కి దిగుతాయి. విశాఖ అయితే 9,520 వచ్చేవి. రవాణా భత్యం కూడా తగ్గుతుంది. ఆవిడ లెవెల్‌కు హైదరాబాదులో 3,600, దాని మీద డీఏ. విజయనగరంలో 1,800, దాని మీద డీఏ. పిల్లల స్కూలు ఫీజు, అద్దె ఒప్పుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలని ఆవిడకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

డబ్బు గడిలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట డబ్బు వాక్యంలో ఉండదు. అది మొదటి వాక్యంలోని "ప్రజా ప్రయోజనం దృష్ట్యా" అన్నది. అది ఉంటేనే జాయినింగ్ టైమ్, బదిలీ టీఏ, అంటే ప్రయాణ భత్యం, వస్తాయి. దాని బదులు "స్వంత అభ్యర్థనపై" అని ఉంటే రెండూ రావు. కొందరు తామే అడిగి బదిలీ చేయించుకుని, తర్వాత లారీ బిల్లు పట్టుకొచ్చి మా టేబుల్ ముందు కూర్చునేవారు. నేనేం చేయను?

ఈవిడ విషయంలో ఆ మాట ఉంది. కాపురం మార్చుకుని 20 కిలోమీటర్లు గానీ అంతకు మించి గానీ వెళ్తే కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్ అని మూల వేతనంలో 80 శాతం ఒక్కసారిగా ఇస్తారు. ఆవిడకు అది 38,080 రూపాయలు. కుటుంబం రైలు చార్జీలు, సామాను రవాణా ఖర్చు విడిగా. కుటుంబం ఆవిడతోనే రావాలని లేదు. ఆవిడ చార్జి వదిలిన తేదీకి నెల ముందు నుంచి ఆరు నెలల తర్వాత వరకు ఎప్పుడు ప్రయాణం చేసినా చెల్లుతుంది. బిల్లు మాత్రం ప్రయాణం పూర్తయిన 60 రోజుల్లోపు పెట్టాలి. 2018కి ముందు ఏడాది టైమ్ ఉండేది. ఆ పాత అలవాటుతో ఇప్పటికీ మునుగుతున్నవారున్నారు.

నాలుగో గడి అప్పగింత. దీని గురించి ఆర్డరులో ఒక్క వాక్యం కూడా లేదు. అప్పుడు కింద ఉన్న కాపీల పట్టిక చూడాలి. "డీడీఓకు కాపీ" అంటే, జీతం బిల్లు చేసే అధికారికి కాపీ అన్నమాట. జీతం అక్కడ ఆగుతుంది, ఎల్పీసీ, అంటే చివరి జీతం సర్టిఫికెట్, అక్కడి నుంచే రావాలి. అది కొత్త ఆఫీసుకు చేరకపోతే అక్కడ మొదటి నెల జీతమే పడదు. ఆవిడ సీట్లోకి ఎవరొస్తున్నారో పట్టికలో గానీ, పైన గానీ లేదు. ఆ గడి ఖాళీగా మిగిలింది. కాబట్టి వెళ్లి ఆఫీసర్ని అడగమన్నాం. పక్క సెక్షన్ అసిస్టెంటుకు తాత్కాలికంగా అప్పగించాలని ఆయన నోట్ మీద రాసిచ్చారు. నోటిమాటగా చెబితే మాత్రం ఒప్పుకోవద్దని ముందే చెప్పాను.

ఆవిడ దగ్గర ఉన్నవి ఒక బీరువా తాళాలు, డిజిటల్ సంతకం టోకెన్, పెండింగ్ ఫైళ్లు, సర్వీసు బుక్కులు. రిజిస్టరు ప్రకారం బుక్కులు 112. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటే తీసి టిక్ పెడుతూ పోతే 111 తేలాయి. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ 111. ఆవిడకు టెన్షన్‌తో చెమటలు. చివరికి రిజిస్టరు వెనక అట్టకు పిన్ను గుచ్చిన చిన్న చీటీ కనబడింది. పెన్షన్ కేసు కోసం ఆ బుక్కు పీఏఓకు, అంటే పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు, పంపినట్టు పాత తేదీతో ఉంది. అప్పగింత జాబితాలో 112 అని రాయలేదు. "111 బుక్కులు, ఒకటి ఫలానా తేదీన పీఏఓకు పంపినది, చీటీ జతపరచడమైనది" అని రాసి, ఇద్దరూ తేదీ వేసి సంతకాలు పెట్టారు. రెండు ప్రతుల్లో ఒకటి ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

ఆగస్టులో విజయనగరానికి మా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వెళ్లింది, ఒక సర్వీసు బుక్కు కనబడటం లేదు, వివరణ ఇవ్వమని. ఆవిడ తన దగ్గరున్న అప్పగింత జాబితా జిరాక్స్ తీసి పంపింది.