ఆరు వేల తేడా: ఇరవై ఐదా, ముప్పై మూడా?

వ్యాఖ్యాత: తిరుచానూరు నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు. చెప్పండక్కా.

కాలర్: నమస్తే అన్నా, నేను తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్లో చేస్తాను, అదే కౌంటర్లో ఇంకో అబ్బాయి ఉంటాడు, ఇద్దరం ఒకే నెలలో చేరాం. నాకు 18,000, అతనికి 24,000. 33 శాతం తేడా ఉంది సార్ అని అడిగితే మా మేనేజరు కాలిక్యులేటర్ నొక్కి, 25 శాతమే కదమ్మా, ఎక్కువ చేసి చెప్తావెందుకు అన్నాడు. రూము కోసం నిలబడిన యాత్రికుల ముందర! ఎవరి లెక్క తప్పు?

సలహాదారు: ముందు ఒకటి చెప్పమ్మా, ఈ రెండూ పీఎఫ్ పట్టకముందు జీతాలేనా? ఒకరిది మొత్తం, ఇంకొకరిది చేతికొచ్చేది పెడితే లెక్క మొదట్లోనే చెడిపోతుంది.

కాలర్: పట్టకముందువే సార్. అతనికి నైట్ డ్యూటీకి విడిగా వచ్చే 1,500 కూడా తీసేశాను. గంటలు ఇద్దరికీ ఎనిమిదే.

సలహాదారు: బాగా చేశావు. అయితే ఇద్దరి లెక్కా కరెక్టే. తేడా 6,000. దాన్ని అతని 24,000తో భాగిస్తే 25 శాతం, నీ 18,000తో భాగిస్తే 33.3. నీకు అతనికన్నా 25 శాతం తక్కువ, అతనికి నీకన్నా 33 శాతం ఎక్కువ. 'కన్నా'కి ముందు ఎవరుంటే వాళ్ళ జీతమే కింద పెట్టాలి, అంతే. ఆడా మగా జీతాల తేడా చెప్పేటప్పుడు అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ వాళ్ళు మగవాళ్ళ జీతాన్నే కింద పెడతారు, కాబట్టి తేడా ఎంత అంటే 25 అనే చెప్పు.

వ్యాఖ్యాత: అంటే మేనేజరే గెలిచాడా సార్?

సలహాదారు: ఆగండి, తిరకాసు ఇక్కడే ఉంది. 25 శాతం తేడా కదా, 25 శాతం పెంచేస్తాం అంటారు చూడండి, పెంచేది ఈమె జీతం మీద. 18,000కి 25 శాతం 4,500 మాత్రమే. 22,500 దగ్గర ఆగిపోతుంది, ఇంకా 1,500 తక్కువే. సమానం కావాలంటే 33.33 శాతం పెంచాలి.

కాలర్: అయ్యో సార్! వచ్చే నెల నుంచి 25 శాతం వేయిస్తానన్నాడు, నేనేమో సంతోషంగా తలూపి వచ్చేశాను.

సలహాదారు: లెటర్ ఇంకా రాలేదు కదా, పర్లేదు. ఆ 1,500 అలాగే వదిలేస్తే, తర్వాత ఇద్దరికీ పదేసి శాతం పెంచినా తేడా 1,650 అవుతుంది, శాతం మాత్రం కదలదు. అతనికి ముందు అనుభవం ఏమైనా ఉందా? వాళ్ళు అడ్డం పెట్టేది అదే.

కాలర్: లేదు సార్, నాకే రెండేళ్ళు ఎక్కువ.

సలహాదారు: ఇంకేం! ఒకే పనికి ఆడా మగా అని జీతం తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టంలోనూ ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతన కోడ్‌లోనూ ఉంది. ఆ మాట రాసి, కింద శాతం ఏదీ వేయకుండా, నా జీతం 24,000 చేయండి అని రూపాయల్లోనే అడుగు.