450 పెంచారా, 450కి పెంచారా?

(గుంటూరులో ఫిజిక్స్ లెక్చరర్లు, రీసెర్చ్ స్కాలర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన మిర్చి యార్డులో ఎవరినైనా నిలబెట్టి అడగండి. "క్వింటా ధర వెయ్యి పెరిగింది" అంటే ఒకటి, "పదిహేను వేలకు పెరిగింది" అంటే మరొకటి. మొదటిది ఎంత తేడా వచ్చిందో చెబుతుంది, రెండోది చివరికి ఎక్కడికి చేరిందో చెబుతుంది. ఆ "కు" ఒక్కటి పోతే బేరం తారుమారు. ఈ విషయంలో యార్డులో ఎవరూ పొరపాటు పడరు. అదే మనవాళ్లు ఇంగ్లిష్‌లో ఫిజిక్స్ పేపర్ రాసేటప్పుడు మాత్రం "బై" రాయాల్సిన చోట "టు", "టు" రాయాల్సిన చోట "బై" రాస్తారు. తెలుగులో తేడా పాటించే మనిషే ఇంగ్లిష్‌లో పాటించలేకపోతున్నాడు. ఎందుకంటే మనకు "వెయ్యి పెరిగింది" అనడానికి విభక్తి అక్కర్లేదు, అంకె చెబితే చాలు. ఇంగ్లిష్‌లో అక్కడ ఏదో ఒక చిన్న మాట పెట్టడం అలవాటు కాబట్టి, చేతికి దొరికింది పెట్టేస్తాం.

నేను కొన్నేళ్లు ఫిజిక్స్ చెప్పి, ఇప్పుడు బ్రాడీపేటలో ఇంట్లో కూర్చుని పరిశోధకుల వ్రాతప్రతులు దిద్దుతున్నాను. ఈ చిన్న మాటల తప్పులు రెండు రకాలు. మొదటి రకం చూడగానే తెలిసిపోతుంది. "సన్" ముందు "ది" లేదు, "డిపెండ్స్" తర్వాత "ఆన్" బదులు "విత్" ఉంది. దిద్దేసి ముందుకు పోవడమే, వాటి గురించి ఈ రోజు మాట్లాడను. రెండో రకంలో వ్యాకరణం శుభ్రంగా ఉంటుంది. బై పెట్టినా మంచి ఇంగ్లిషే, టు పెట్టినా మంచి ఇంగ్లిషే. కానీ రెండు వాక్యాలూ రెండు వేర్వేరు ప్రయోగాలు. ఇక్కడ వ్యాకరణ పుస్తకం తిరగేసి లాభం లేదు, ఆ పేపర్‌లోని ఫిజిక్సే చెప్పాలి.

ఒక వ్రాతప్రతి సంగతి చెబుతాను. రాసినమ్మాయి గాజు పలక మీద జింక్ ఆక్సైడ్ పల్చటి పొర వేసి, అందులో కొంచెం అల్యూమినియం కలిపి, ఫర్నేస్‌లో కాల్చి, దాని విద్యుత్ నిరోధకత కొలిచింది. పద్ధతి చెప్పే పేరాలో ఇలా ఉంది: "ద టెంపరేచర్ వాజ్ ఇంక్రీజ్డ్ బై 450 డిగ్రీస్." గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలని పై వాక్యంలోనే రాసింది. బై నిజమైతే ఫర్నేస్ 480కి చేరింది. ఆమె ఉద్దేశం టు అయితే 450 దగ్గర ఆగింది. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. నాకేమో టు అనిపించింది, ఎందుకంటే 450 గుండ్రటి అంకె, ఫర్నేస్ డయల్ మీద అలాంటి అంకెలే పెడతారు. కానీ అనిపించడం వేరు, తెలియడం వేరు.

కాస్త కిందికి వెళ్తే ఆధారం దొరికింది. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడి చేశామని, 84 నిమిషాల తర్వాత అదే ఉష్ణోగ్రత దగ్గర గంటసేపు ఉంచామని రాసింది. 84ని 5తో గుణిస్తే 420. 30కి 420 కలిపితే 450. బై నిజమైతే 90 నిమిషాలు పట్టాలి. అంటే టు. ఆ తర్వాత ఒక బొమ్మ కింద కూడా 450 అనే ఉంది. రెండు ఆధారాలు ఒకే మాట చెప్పాయి కాబట్టి దిద్దాను. దిద్దినా, పక్కన "84 నిమిషాల లెక్క ప్రకారం మార్చాను, సరి చూడండి" అని ఒక గమనిక పెట్టాను.

30 డిగ్రీల తేడా అంత పెద్ద విషయమా అంటారేమో. ఎక్కువ వేడిలో పొరలోని రేణువులు ఎక్కువ పెరుగుతాయి, నిరోధకత మారుతుంది. మామూలు గాజు పలక మెత్తబడే హద్దుకు కూడా 480 దగ్గర పడుతుంది. ఆ పేపర్ చదివి విజయవాడలో ఇంకొకరు అదే ప్రయోగం చేస్తే, వాళ్లకు అదే ఫలితం రాకపోవచ్చు. తప్పు ఫర్నేస్‌దనుకుంటారు గానీ బైది అనుకోరు.

అదే వ్రాతప్రతిలో ఫలితాల దగ్గర మళ్లీ ఇదే జంట ఎదురైంది. అల్యూమినియం కలిపితే నిరోధకత "డిక్రీజ్డ్ బై వన్ థర్డ్" అని ఉంది. తెలుగులో చెప్పుకుంటే తేడా చేతికి అందుతుంది. మూడో వంతు తగ్గింది అంటే 9 కాస్తా 6 అయింది. మూడో వంతుకు తగ్గింది అంటే 9 కాస్తా 3 అయింది. పట్టికలో చూస్తే 9, 3 అనే ఉన్నాయి. ఇక్కడ బై తీసి టు పెట్టడంతో పని సగమే అయింది. నేను వాక్యాన్నే మార్చాను: "నిరోధకత 9 నుంచి 3కి తగ్గింది" అనే అర్థం వచ్చేలా, ప్రమాణాలతో సహా. మొదటి వాక్యాన్ని కూడా "ఫ్రమ్ 30 టు 450" అని తిరగరాశాను. భారం చిన్న మాట మీద నుంచి దించి రెండు అంకెల మీద పెడితే, తర్వాత టైప్‌సెట్టింగ్‌లో ఎవరైనా టు ని బై చేసినా చదివేవాడు మోసపోడు. నా పనిలో నాకు ఎక్కువ ఉపయోగపడిన కిటుకు ఇదే.

ఆర్టికల్స్ దగ్గర ఇంత సులువుగా ఆధారాలు దొరకవు. ఇక్కడ నేను చేసిన తప్పే చెబుతాను. ఇంకో పేపర్‌లో "ఫ్యూ ఫిల్మ్స్ షోడ్ క్రాక్స్" అని ఉంది. మన వాళ్లకు ఆర్టికల్ వదిలేసే అలవాటు ఉంది కదా, ఇది కూడా అదే అనుకుని ముందు "ఎ" తగిలించాను. "ఎ ఫ్యూ" అంటే కొన్ని పొరలు పగిలాయి. "ఎ" లేకుండా "ఫ్యూ" అంటే పగిలినవి లేనట్టే, ఏ ఒకటో అరో. ఒక అక్షరంతో మంచి వార్త చెడ్డ వార్త అయింది. రాసినాయన ప్రూఫ్‌లో చూసి ఫోన్ చేశారు. "సార్, ఇరవైలో ఒక్కటే పగిలింది, మీరేమో నా పద్ధతి బాగాలేదన్నట్టు రాశారు" అన్నారు. ఆయన సరిగ్గానే రాశారు. తెలుగువాడు రాశాడు కాబట్టి ఆర్టికల్ మరిచిపోయి ఉంటాడని నేనే ముందే తీర్పు ఇచ్చేశాను. చివరికి "ఇరవై పొరల్లో ఒకటి పగిలింది" అని మార్చి ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఎ, ది మధ్య తేడాకు ఆ జింక్ ఆక్సైడ్ పేపర్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. ఎక్స్-రే డిఫ్రాక్షన్ గ్రాఫ్‌లో 34.4 డిగ్రీల దగ్గర ఎత్తుగా ఒక శిఖరం కనిపిస్తుంది. కాపర్ ఎక్స్-రేలతో కొలిస్తే అది జింక్ ఆక్సైడ్‌కు ఊరూ పేరూ లాంటిది. అల్యూమినియం ఎక్కువైన నమూనాలో దానికి తోడు చిన్న శిఖరం ఒకటి కొత్తగా వచ్చింది. ఆమె "ద సెకండ్ ఫేజ్ అప్పియర్స్" అని రాసింది. "ది" చూడగానే చదివేవాడు, ఏ సెకండ్ ఫేజ్, ముందు ఎక్కడో చెప్పి ఉంటారే అని వెనక్కి తిప్పుతాడు. ఎక్కడా లేదు. "ఎ సెకండ్ ఫేజ్" అంటే, జింక్ ఆక్సైడ్ కాక ఇంకేదో పదార్థం ఏర్పడింది, అదేమిటో ఇంకా తేల్చలేదు అని. "ది" అంటే, అదేమిటో మనిద్దరికీ తెలుసు అని. తెలుగులో "ఒక మనిషి వచ్చాడు", "ఆ మనిషి వచ్చాడు" అన్నట్టే. కాకపోతే మనం ఒక, ఆ రెండూ వదిలేసి "మనిషి వచ్చాడు" అనగలం, ఇంగ్లిష్ అలా వదలనివ్వదు.

ఇక్కడ నేను దిద్దలేదు. ఆ శిఖరం ఏ పదార్థానిదో ఆమెకు తెలుసో లేదో పేపర్ చెప్పడం లేదు. అందుకని ప్రశ్న పంపాను. ప్రశ్న రాయడంలో కూడా ఒక పద్ధతి ఉంది. "క్లారిఫై చేయండి" అని రాస్తే టెన్షన్ పడి మొత్తం పేరా తిరగరాసి పంపుతారు, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. రెండు అర్థాలనూ విడివిడిగా రాసి, ఏది మీది అని అడగాలి. నేను అడిగింది ఇది: "ఈ కొత్త శిఖరం ఏ పదార్థానిదో మీరు గుర్తించారా? గుర్తిస్తే పేరు రాయండి, 'ది' ఉంచుతాను. లేకపోతే 'ఎ' పెడతాను." ఒక్క శిఖరంతో తేల్చలేకపోయామని జవాబు వచ్చింది. "ఎ" పెట్టాను.

ఇక్కడ ఇంటర్ లెక్చరర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క ప్రిపోజిషన్ గురించి చెబుతాను. మీ పిల్లలు ఏటా దీనితోనే తన్నుకుంటారు. ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్ పుస్తకంలో ఉష్ణగతిక శాస్త్ర మొదటి నియమంలో పని అంటే వాయువు చేసిన పని, "బై ద గ్యాస్". కెమిస్ట్రీ పుస్తకంలో వాయువుపై చేసిన పని, "ఆన్ ద గ్యాస్". అందుకే గుర్తులు తిరగబడతాయి:

ΔU = Q − W
ΔU = Q + W

వాయువుకు 100 జౌళ్ల ఉష్ణం ఇచ్చాం, పని 40 జౌళ్లు అనుకుందాం. వాయువు చేసిన పని అయితే అంతర్గత శక్తి 60 జౌళ్లు పెరుగుతుంది. వాయువుపై చేసిన పని అయితే 140. వ్రాతప్రతిలో "వర్క్ డన్ ఆన్ ద గ్యాస్" అని ఉండి, కింద సమీకరణంలో మైనస్ ఉంటే, రెండింటిలో ఒకటి తప్పు. భాష చూసేవాళ్లు సమీకరణం జోలికి పోరు, సమీకరణం చూసేవాళ్లు భాషను పట్టించుకోరు. ఆ సందులోంచే ఇది తప్పించుకుపోతుంది. అందుకే ఆన్, బై కనిపించిన ప్రతిచోటా వేలు అక్కడే ఉంచి, దగ్గరలో ఉన్న సమీకరణంలో గుర్తు ఏమిటో చూస్తాను. ఆ తర్వాత అంకెలు వేసి, పేపర్‌లో ఇచ్చిన జవాబు ఎటువైపు ఉందో చూస్తాను. మూడింటిలో రెండు ఒకటిగా ఉండి ఒకటి విడిగా ఉంటే, అనుమానం ఆ విడిగా ఉన్నదాని మీద. అయినా దిద్దను, అడుగుతాను. రెండే ఉండి, మూడో ఆధారం లేకపోతే ఫలానాదే తప్పని అనుమానం పెట్టుకునే హక్కు కూడా నాకు లేదు.

మీకిచ్చిన కాగితంలో అయిదు వాక్యాలున్నాయి. అయిదోది చూడండి: "ద వోల్టేజ్ ఆన్ ద ఫిల్మ్ వాజ్ 5 వోల్ట్స్." ఫిల్మ్ మీద వోల్టేజ్ అని తెలుగులో అనుకుని ఇలా రాశారు. ఫిల్మ్ రెండు చివరల మధ్య 5 వోల్టులా, అప్పుడైతే "అక్రాస్" కావాలి. లేక ఫిల్మ్ మొత్తాన్ని భూమితో పోలిస్తే 5 వోల్టుల దగ్గర ఉంచారా? కింద సర్క్యూట్ బొమ్మ ఇచ్చాను. టీ తాగేలోపు ఏది నిజమో, ఏ తీగ చూసి చెప్పారో పక్కన రాయండి.